తమ్ముడిని కుక్క కరిచింది

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ళ క్రితం నా దగ్గర ఒకాయన తెలుగు నేర్చుకునేవారు. ఆయన మాతృభాష ఇంగ్లీషు. ఒకరోజు "తమ్ముడిని కుక్క కరిచింది" అని చెప్పి, అర్థం అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, తమ్ముడే కుక్కను కరిచాడని చెప్పారు. అలా ఎందుకు అనుకున్నారని అడిగితే, "తమ్ముడు ముందు వచ్చాడు కదా!" అన్నారు.

నవ్వు వచ్చిన మాట నిజమే. కానీ ఆయన తప్పు వెనుక ఒక లెక్క ఉంది. ఈ రోజు ప్రసంగం ఆ లెక్క గురించే.

తెలుగు వాక్యంలో మామూలుగా కర్త, కర్మ, క్రియ ఆ వరుసలోనే వస్తాయి. ఇంగ్లీషులో కర్త తర్వాత క్రియ, ఆ పైన కర్మ. 1300కు పైగా భాషలను పోల్చి చూసిన ఒక అట్లాసులో మన వరుస పాటించే భాషలు 560కి పైగా, ఇంగ్లీషు వరుస పాటించేవి 480కి పైగా ఉన్నాయి. జపనీస్, కొరియన్, టర్కిష్, హిందీ మన వైపు. ఫ్రెంచి, చైనీస్, స్వాహిలి అటువైపు.

క్రియను చివరి నుంచి మధ్యకు జరిపితే చాలు, ఒక భాష నుంచి మరో భాషకు వెళ్ళిపోవచ్చు అనిపిస్తుంది. నిజానికి ఆ జరపడం నేర్చుకోవడానికి పెద్దగా కాలం పట్టదు. "నేను అన్నం తింటాను" వంటి చిన్న వాక్యంలో క్రియను తప్పుచోట పెట్టేవారు కొద్ది రోజుల తర్వాత పెద్దగా కనిపించరు. ఇబ్బంది వేరే చోట ఉంటుంది.

కుక్క దగ్గరికే మళ్ళీ వద్దాం. ఎవరు ఎవరిని కరిచారో తెలుగులో మనకు చెప్పేది స్థానం కాదు, "ని" అనే ప్రత్యయం. అందుకే "కుక్క తమ్ముడిని కరిచింది" అన్నా, "తమ్ముడిని కుక్క కరిచింది" అన్నా గాయం తమ్ముడికే. ఇంగ్లీషులో ఈ "ని" లేదు. దాని పని అక్కడ స్థానం చేస్తుంది. క్రియకు ముందున్నవాడు చేసినవాడు, తర్వాత ఉన్నవాడు పడినవాడు. రెండు పేర్లనూ తారుమారు చేస్తే కథే తారుమారవుతుంది.

ఎలిజబెత్ బేట్స్, బ్రయాన్ మాక్‌విన్నీ అనే పరిశోధకులు 1980లలో దీన్ని ప్రయోగాలు చేసి చూశారు. పెన్సిలు ఆవును తన్నిందన్నట్టు ఉండే విపరీతపు వాక్యాలు వినిపించి, తన్నింది ఎవరు అని అడిగేవారు. ఇంగ్లీషువారు మొదటి పేరునే పట్టుకుని పెన్సిలు అనేవారు. ఇటాలియన్లు మాత్రం ప్రాణమున్న ఆవు వైపు మొగ్గేవారు. ఎవరి భాష ఏ గుర్తును నమ్మమని అలవాటు చేసిందో, కొత్త భాషలోకి అదే గుర్తును వెంట తీసుకువెళతారు. మా విద్యార్థి తన ఇంగ్లీషు చెవితో తెలుగు విన్నారు, అంతే. మనవాళ్ళు అటు వెళ్ళినప్పుడు తిరకాసు ఇంకోలా ఉంటుంది. ముఖ్యమైన మాటను ముందుకు తెచ్చి చెప్పే మన అలవాటుకు ఇంగ్లీషులో అంత చోటు ఉండదు. తెచ్చారా, కుక్క పాపం తమ్ముడి పాలబడుతుంది!

రెండో ఇబ్బంది ఇంకా ఆసక్తికరమైనది. చేతిలో కాగితం ఉంటే ఈ అయిదు ముక్కలు రాసుకోండి. బల్ల, మీద, పెట్టె, లో, తాళంచెవి. అంటే బల్ల మీది పెట్టెలోని తాళంచెవి. ఇప్పుడు చివరి నుంచి చదవండి. తాళంచెవి, లో, పెట్టె, మీద, బల్ల. ఇదే ఇంగ్లీషు వరుస! అద్దంలో చూసినట్టు ఒకటి ఇంకొకదానికి తిరగేసి ఉంటుంది. తెలుగు బయటి నుంచి మొదలుపెట్టి, బల్ల దగ్గర ఆగి, పెట్టె తెరిచి, తాళంచెవిని చేతికిస్తుంది. ఇంగ్లీషు తాళంచెవిని ముందే చేతిలో పెట్టి, అది ఎక్కడ దొరికిందో తర్వాత చెబుతుంది.

ఇది యాదృచ్ఛికం కాదు. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 30 భాషలను పోల్చి చూసి, క్రియ చివర వచ్చే భాషల్లో "మీద", "లో" వంటివి పేరు తర్వాతే రావడం చాలా ఎక్కువని చూపించాడు. అయితే కళ్ళు మూసుకుని నమ్మదగ్గ సూత్రం కాదిది. పర్షియన్‌లో క్రియ చివరే ఉన్నా, "లో" వంటివి పేరుకు ముందు వస్తాయి. చైనీస్‌లో క్రియ మధ్యన ఉన్నా, "నిన్న వచ్చిన మనిషి" వంటి వర్ణన మనలాగే పేరుకు ముందే వస్తుంది. కొత్త భాషలో క్రియ ఎక్కడుందో తెలుసుకున్నంత మాత్రాన మిగతాది ఊహించేయకూడదు.

మనవాళ్ళు ఇంగ్లీషులో పొడవైన వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోవడానికి ఈ అద్దమే కారణమని నా అనుమానం. బల్లతో మొదలుపెట్టేస్తారు, తాళంచెవి దాకా దారి ఉండదు. నేను వాళ్ళకు చెప్పేది ఒకటే. మీ తెలుగు వాక్యంలో చివరి పేరును పట్టుకోండి, అక్కడి నుంచి ఒక్కొక్క అడుగు వెనక్కి నడవండి. ముందు తాళంచెవి అనండి. తర్వాత పెట్టె కలపండి. ఆ తర్వాతే బల్ల.

ఇక వినడం సంగతి. క్రియ చివర ఉంటుంది కనుక తెలుగు వినేవాడు చివరిదాకా చీకట్లో ఉంటాడని కొందరు అనుకుంటారు. అది తప్పు. 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బొమ్మ ముందు కూర్చున్న జపనీస్ శ్రోతల చూపు ఎటు వెళుతుందో కొలిచారు. బొమ్మలో వడ్డించే అమ్మాయి, అతిథి, ఒక తినుబండారం ఉన్నాయి. "అమ్మాయి అతిథికి" అన్న అర్థమిచ్చే ముక్క వినేసరికే, తినుబండారం పేరు గానీ క్రియ గానీ రాకముందే, చూపులు అటు మళ్ళాయి. "కి" వినగానే ఇవ్వడమేదో జరగబోతోందని మనసు అందుకుంది. అదే మాట "అతిథిని" అని ఉంటే చూపులు అంతగా అటు పోలేదు. ప్రత్యయాలే ముందు నడిచే దీపాలు. తెలుగు నేర్చుకునే వారితో నేను అందుకే క్రియ కోసం కాచుకోవద్దు, "ని", "కి", "తో" వినబడగానే పట్టుకోండి అంటాను.

కానీ కాదనడం, ఔననడం మాత్రం మన భాషలో నిజంగానే చివర దాక్కుంటాయి. ఒక సాయంత్రం ఆ విద్యార్థితో, "రేపు తరగతి లేదని ఎవరైనా అంటే నమ్మకండి" అన్నాను. ఇంగ్లీషులో అయితే "నమ్మకండి" ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత ఏం వచ్చినా వినేవాడు జాగ్రత్తగా ఉంటాడు. ఆయన "రేపు తరగతి లేదు" దాకా విని, పుస్తకం మూసి, సంతోషంగా తల ఊపారు.

మరునాడు ఆయన కోసం గంట సేపు ఎదురుచూశాను. ఆ పై రోజు వచ్చినప్పుడు నా వాక్యాన్ని కాగితం మీద రాసి ఇచ్చాను. "లేదని" అన్న మాట చివరి అక్షరాన్ని ఆయన చాలాసేపు చూసి, దాని కింద గీత గీసుకున్నారు.