నోటీసులో నాలుగు చివరి తేదీలు, అందులో మనది ఏది? స్కాలర్‌షిప్ నోటీసు ఫోటోను ఫోన్‌తో చదివించి చూశాను

నమస్తే అండి. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూ కొత్త ఫోన్‌ది కాదు, మీ ఫోన్‌లో ఇప్పటికే ఉన్న ఒక ఆప్షన్‌ది. ఫోటోలో ఉన్న అక్షరాలను టెక్స్ట్‌గా కాపీ చేసి ఇచ్చేది ఉంటుంది కదా, అదే. స్కాలర్‌షిప్ నోటీసు ఫోటో పెడితే అది తేదీలు, రూల్స్ సరిగ్గా తీసి ఇస్తుందా, వాటితో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే కాగితం ఒకటి తయారు చేసుకోగలమా అని చూశాను.

ఎందుకు చూశానంటే, మా అక్క వాళ్లది పర్వతగిరి దగ్గర ఊరు. మేనల్లుడు జిల్లా పరిషత్ హైస్కూల్‌లో ఎనిమిదో తరగతి. నోటీసు బోర్డు మీద కాగితాన్ని వాడి దోస్తు ఫోటో తీశాడు, అది వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి అక్కకు వచ్చింది. అక్క నాకు పంపి, ‘తమ్మీ, ఇందులో మనం ఎప్పటిలోగా కట్టాలె? చివరి తేదీ నాలుగుసార్లు రాసి ఉంది’ అంది. అక్క పట్టుకున్న ఆ మాటే ఈ వీడియో మొత్తానికి ఆధారం.

నోటీసు ఎన్‌ఎంఎంఎస్‌ది, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్‌ది. కేంద్ర ప్రభుత్వ స్కీమ్. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకు 48,000. మన దగ్గర పరీక్ష పెట్టేది ప్రభుత్వ పరీక్షల విభాగం. అసలు నోటీసులో స్కూలు పేరు, సంతకాలు ఉన్నాయి కాబట్టి మీకు చూపించడం లేదు. అదే పద్ధతిలో నేను టైపు చేసుకున్న నమూనా కాగితం స్క్రీన్ మీద ఉంది. అందులోని తేదీలు నేను పెట్టినవే, మా ఇంటి సంగతి చెప్పేటప్పుడూ అవే వాడతాను, వాటిని పట్టుకుని స్కూలుకు వెళ్లకండి.

ముందు ఫోటో సంగతి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది, సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వీలైతే తీసినవాళ్లనే అలా మళ్లీ పంపమనండి. లేదంటే పిల్లవాడిని బోర్డు ఎదురుగా నిలబడి, పక్క నుంచి కాకుండా, ఇంకోసారి తీయమనండి.

ఇక చదివించాను. పేరాలు బాగానే వచ్చాయి, మెచ్చుకోవాల్సిందే. తేడా కొట్టింది పట్టిక దగ్గర. నోటీసులో ఎడమ వైపు పని, కుడి వైపు తేదీ ఉన్నాయి. కాపీ చేస్తే ముందు పనులన్నీ వరుసగా వచ్చాయి, కింద తేదీలన్నీ కుప్పగా పడ్డాయి. ఒక పని రెండు లైన్లలో ఉండడంతో లెక్క తప్పింది, మూడో తేదీ రెండో పనికి తగులుకుంది. చూడ్డానికి అంతా నీట్‌గానే ఉంది, అదే ప్రమాదం. అందుకే పట్టికను మొత్తంగా కాపీ చేయకండి. ఒక్కో అడ్డ వరుసను వేలితో సెలెక్ట్ చేసి విడివిడిగా తీసుకోండి. నాలుగే వరుసలు, రెండు నిమిషాల పని.

రెండో తప్పు ఇంకా చిన్నది. పరీక్ష తేదీ 18-12-2026 అని ఇచ్చింది, పక్కనే ఆదివారం అని కూడా ఇచ్చింది. క్యాలెండర్ తీసి చూస్తే 2026 డిసెంబర్ 18 శుక్రవారం. ఆదివారం 13న. ఫోటో జూమ్ చేస్తే అక్కడ ఉన్నది 3, మసకగా ఉండి 8 అయింది. తేదీ పక్కన వారం రాసి ఉంటే దాన్ని వదలకండి, మీకు ఉచితంగా దొరికే సాక్షి అది. వారం లేని తేదీలను మాత్రం ఫోటో పెద్దది చేసి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూసి టిక్కు పెట్టాలి. నేను, అక్క ఫోన్‌లో అట్లనే చేశాం.

ఇప్పుడు అక్క అడిగిన దానికి వద్దాం. నమూనాలో పైన 11-09-2026 ఉంది. అది ఉత్తర్వు తేదీ, దాంతో మనకు పని లేదు, కానీ చాలామంది కంటికి ముందు అదే పడుతుంది. తర్వాత ఆన్‌లైన్‌లో దరఖాస్తు అప్‌లోడ్‌కు చివరి తేదీ అక్టోబర్ 7. ప్రింట్ తీసిన నామినల్ రోల్, అంటే పిల్లల పేర్ల జాబితా, సర్టిఫికెట్లు డీఈఓ ఆఫీసులో, అంటే జిల్లా విద్యాధికారి ఆఫీసులో ఇవ్వడానికి అక్టోబర్ 14. డీఈఓ ఆఫీసు నుంచి పైకి పంపడానికి అక్టోబర్ 23. ఫీజు కట్టడానికి విడిగా ఇంకో వరుస, దానిదీ అక్టోబర్ 7. అక్క 23 చూసి ఇంకా చాలా టైమ్ ఉందనుకుంది. తప్పు ఆమెది కాదు, అన్నిటి పక్కనా చివరి తేదీ అనే ఉంది, ఎవరికి అన్నది మాత్రం పని పేరులోనే ఇరుక్కుని ఉంది.

అందుకే నేను కాగితం మీద తేదీ, పని అని రెండు గళ్లు కాకుండా మూడు గీశాను. మూడోది ‘ఎవరు’. అక్టోబర్ 7 ఎదురుగా హెడ్మాస్టర్ సార్, 14 ఎదురుగా కూడా సారే, 23 ఎదురుగా డీఈఓ ఆఫీసు అని రాశాక అక్క ఒక నిమిషం చూసి, ‘మరి మన పేరు ఏదిరా?’ అంది. అదీ విషయం. అప్‌లోడ్ చేసేది స్కూలు. ఇంటివాళ్ల తేదీ నోటీసులో అసలు లేదు, మనమే వెనక్కి లెక్క వేసుకుని పెట్టుకోవాలి.

వేద్దాం. 7వ తేదీ బుధవారం. చివరి రోజు సైట్ నెమ్మదిగా ఉంటుంది, సార్‌కు ఈ ఒక్క పిల్లవాడే ఉండడు. వెనక్కి వస్తే 4 ఆదివారం, 2 గాంధీ జయంతి. కాబట్టి కాగితాలు సార్ చేతిలో పడాల్సింది సెప్టెంబర్ 30, బుధవారం. అంటే ఆదాయ సర్టిఫికెట్ 28 కల్లా ఇంట్లో ఉండాలి. మీసేవలో ఇచ్చాక గిర్దావర్ చూడాలి, తహసీల్దార్ ఓకే చేయాలి, మధ్యలో వినాయక నిమజ్జనాల హడావుడి. నేనైతే పది రోజులు పెట్టుకుంటాను. అంటే మీసేవకు పోవాల్సింది సెప్టెంబర్ 18, శుక్రవారం. నోటీసు మనకు చేరింది 15న. అక్టోబర్ 23 దాకా ఉందనుకున్న టైమ్ నిజానికి మూడు రోజులే. ఇంట్లో పాత ఆదాయ సర్టిఫికెట్ ఉందని ఆగకండి, దాని మీది తేదీ చూసి ఏడాది దాటిందేమో ముందు తేల్చుకోండి.

తర్వాత అర్హతలు. ఇక్కడ ఫోన్ అక్షరాలు సరిగ్గా ఇచ్చినా మనం తప్పు చదివే చోట్లు మూడు ఉన్నాయి.

ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. అది నాన్నది ఒక్కడిదే కాదు, అమ్మా నాన్నలిద్దరిదీ, అన్ని రకాల రాబడీ కలిపి. బావ ఆటో నడుపుతాడు, అక్క పత్తి, మిర్చి ఏరడానికి పోతుంది. రెండూ కలిపి చూశాం, లోపలే ఉంది.

మార్కులు రెండు చోట్ల వస్తాయి, కలిపేసుకోవద్దు. పరీక్ష రాయడానికి ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఐదు శాతం సడలింపు, అంటే 50. కింద ఇంకెక్కడో 40 శాతం, 32 శాతం అని ఉంటుంది. అది ఈ పరీక్షలోని రెండు పేపర్లు కలిపి తెచ్చుకోవాల్సిన కనీస మార్కు, 32 ఎస్సీ, ఎస్టీలకు. అది దాటినా మెరిట్‌లో రావాలి. మా గ్రూపులో ఒకాయన 32 చూసి, ఏడో తరగతిలో అంత ఉన్నా చాలని అందరికీ పంపాడు.

మూడోది స్కూలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకే. కేంద్రీయ విద్యాలయం, నవోదయ, ప్రభుత్వం హాస్టల్, భోజనం పెట్టి నడిపే గురుకులాల పిల్లలకు వర్తించదు. మా ఫోటోలో ఈ వాక్యం మీద బోర్డు పిన్ను ఉంది, ‘కాదు’ అనే మాట దాని కిందకు పోయింది. ఫోన్ పిన్నును వదిలేసి మిగతా వాక్యం కలిపి ఇచ్చేసింది, దాంతో గురుకులం పిల్లలూ రాయొచ్చు అన్నట్టు అర్థం మారింది. రూల్ వాక్యంలో ఎక్కడైనా మచ్చ, మడత, పిన్ను కనబడితే దాన్ని నమ్మకండి. అసలు నోటీసు bse.telangana.gov.in లో ఉంటుంది, ఆ ఒక్క వాక్యం అక్కడ చూసుకోండి.

ఈ స్కూలు రూల్ పరీక్షతో అయిపోదు. ఎంపికయ్యాక కూడా అలాంటి స్కూల్లోనే చదవాలి. తొమ్మిదికి ప్రైవేటుకు మారిస్తే స్కాలర్‌షిప్ పోతుంది. బావకు ఆ ఆలోచన ఉందని అప్పుడే బయటపడింది. అది వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన ముచ్చట, నేను కాగితంలో రాసి ఊరుకున్నాను.

రివ్యూ అన్నాను కాబట్టి నా మాట: పేరాలకు ఆ ఆప్షన్ వాడండి, టైపింగ్ బాధ తప్పుతుంది. పట్టికకు, అంకెలకు, పెన్నుతో కొట్టేసి దిద్దిన చోట్లకు దాని మీద ఆధారపడకండి. మా నోటీసులో ఒక తేదీని పెన్నుతో కొట్టి పైన ఇంకోటి రాశారు. ఫోన్ కొట్టేసిన దాన్నే చదివింది.

చివరగా కాగితం చూపిస్తాను. ఏ4 షీటు సగం. పెద్ద అక్షరాలు, ఎందుకంటే బావకు సన్న రాత కనబడదు. మనం చేసేవి ఎర్ర పెన్ను: సెప్టెంబర్ 18 మీసేవ, బావ. 28 సర్టిఫికెట్ తెచ్చుకోవడం, అక్క. 30 కాగితాలు, ఫోటో, ఫీజు సార్‌కు ఇవ్వడం, అక్క. స్కూలువి నీలం: అక్టోబర్ 7, 14. నీలం వాటికి మనం చేసేదేమీ లేదు, 8వ తేదీన సార్‌ను కలిసి అప్‌లోడ్ అయిన ప్రింటు చూపించమని అడగడం తప్ప. అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అని చూడాలి. డిసెంబర్ 13 ఆదివారం పరీక్ష, మేనల్లుడి పేరు. 23వ తేదీని కావాలనే రాయలేదు, రాస్తే మళ్లీ కళ్లు అక్కడికే పోతాయి.

అడుగున తేదీ లేని గడి ఒకటి ఉంది, పెన్సిల్‌తో రాశాను. ఫలితాల్లో పేరు వస్తే scholarships.gov.in లో రిజిస్టర్ చేసుకుని దరఖాస్తు పెట్టాలి, ఆ తర్వాత స్కూలు, జిల్లా రెండు చోట్లా వెరిఫై కావాలి. పిల్లవాడి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. మాకు వచ్చిన నోటీసులో దీని ఊసే లేదు. ఎంపికై కూడా ఇక్కడ ఆగిపోయేవాళ్లు ఉంటారు.

తేదీ పొడిగించారని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే నీలం తేదీని ఒక్క గీతతో కొట్టి పక్కన కొత్తది రాయమన్నాను. ఎర్ర తేదీలను మాత్రం కదపొద్దన్నాను. అక్క దాన్ని ఇంట్లో క్యాలెండర్ పక్కనే అంటించింది. బావ మీసేవకు 17నే పోయొచ్చాడు.