మీ యాడ్ సెట్లు ఒకదానికొకటి అడ్డొస్తున్నాయా? మెటా ఓవర్‌ల్యాప్ టూల్స్ రివ్యూ

నమస్తే అండీ. యాడ్ సెట్ అంటే ఒకే ఆడియన్స్, ఒకే బడ్జెట్ కింద నడిచే యాడ్స్ గుంపు. రెండు యాడ్ సెట్లు ఒకే జనం మీద పడితే అది ఓవర్‌ల్యాప్. ఈ రోజు మెటా యాడ్స్‌లో ఆ ఓవర్‌ల్యాప్ చూసుకోవడానికి ఉన్న టూల్స్ రివ్యూ చేస్తున్నాను. ఒకటి Audiences పేజీలో ఉండేది, ఇంకోటి యాడ్ సెట్ దగ్గర కనిపించే Inspect. ఈ టూల్స్‌లో కనపడే పర్సంటేజీ చూసి కంగారుపడి, అన్ని యాడ్ సెట్లలోనూ ఎక్స్‌క్లూజన్లు, అంటే ఫలానా వాళ్లకి యాడ్ చూపించొద్దన్న షరతులు, పెట్టుకుంటూ పోయే వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పర్సంటేజీకి అసలు అర్థం ఏంటో ముందు చూద్దాం. తర్వాత ఒక అకౌంట్ తీసుకుని, ఆరు యాడ్ సెట్లని కలిపే పని మొత్తం చేసి చూపిస్తాను.

ఎక్కువమంది అనుకునేది ఏంటంటే, మన రెండు యాడ్ సెట్లు ఒకే మనిషి కోసం పోటీపడితే మన రేటు మనమే పెంచుకుంటున్నామని. మెటాలో అలా జరగదండీ. ఒకే అడ్వర్టైజర్‌కి చెందిన రెండు యాడ్ సెట్లు ఒకే ఆక్షన్‌కి, అంటే ఒక మనిషికి ఏ యాడ్ చూపించాలో తేల్చే వేలానికి, అర్హత పొందితే, మెటా వాటిలో టోటల్ వాల్యూ ఎక్కువున్న దాన్నే లోపలికి పంపుతుంది. రెండోదాన్ని ఆ ఆక్షన్‌లోకి రానివ్వదు. టోటల్ వాల్యూ అంటే మన బిడ్, ఆ మనిషి మనం కోరుకున్న పని చేసే అవకాశం ఎంతుందన్న అంచనా, ఈ రెండింటినీ గుణించి, దానికి యాడ్ క్వాలిటీ కలిపితే వచ్చేది.

మరి నష్టం ఎక్కడ? బయట ఆగిపోయిన యాడ్ సెట్‌లో. దాని బడ్జెట్ ఖర్చవ్వక మిగిలిపోతుంది. లేదంటే, కొనే అవకాశం ఎక్కువున్న వాళ్లని మొదటి యాడ్ సెట్ తీసుకుపోతుంది కాబట్టి, మిగిలిన వాళ్ల మీద ఖర్చవుతుంది. అంతకంటే పెద్ద నష్టం, వచ్చే పర్చేజ్‌లు ముక్కలుముక్కలుగా పంచుకుపోవడం. ఎందుకో ఈ లెక్కలో తెలుస్తుంది.

స్క్రీన్ మీద ఉన్నది లెక్క తేలిగ్గా అర్థమవ్వాలని నేను తయారుచేసిన నమూనా అకౌంట్. మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే షాప్ అనుకోండి. ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాలకీ యాడ్స్ వేస్తున్నారు. ఆరు యాడ్ సెట్లు, ఒక్కోదానికి రోజుకి ₹500. చీరల ఇంట్రెస్ట్ ఒకటి, చేనేత ఇంట్రెస్ట్ ఒకటి, మన కస్టమర్లని పోలినవాళ్లతో మెటా తయారుచేసే లుకలైక్‌లు 1%ది ఒకటి, 3%ది ఒకటి, ఏ ఇంట్రెస్టూ పెట్టని బ్రాడ్ ఒకటి, వెబ్‌సైట్‌కి వచ్చి వెళ్లినవాళ్లు ఒకటి. ఆరింటికీ ఆప్టిమైజేషన్ పర్చేజ్ మీదే. ఒక్కో పర్చేజ్‌కి సగటున ₹400 అవుతోంది.

మెటా చెప్పే ప్రకారం ఒక యాడ్ సెట్ లెర్నింగ్ ఫేజ్, అంటే యాడ్స్ ఎవరికి చూపించాలో సిస్టమ్ నేర్చుకునే దశ, దాటాలంటే వారంలో సుమారు 50 ఆప్టిమైజేషన్ ఈవెంట్లు, మన విషయంలో పర్చేజ్‌లు, రావాలి. ఇక్కడ ఒక్కో యాడ్ సెట్ వారం బడ్జెట్ ₹3,500. దాన్ని 400తో భాగిస్తే తొమ్మిది కూడా నిండట్లేదు. అంటే డెలివరీ కాలమ్‌లో ఆరింటికీ Learning limited అని పడుతుంది. ఇప్పుడు అదే డబ్బు ఒకే చోట పెట్టామనుకోండి. వారానికి ₹21,000, 400తో భాగిస్తే 52. బడ్జెట్ ఒక్క రూపాయి పెంచకుండానే, విడివిడిగా ఎప్పటికీ చేరలేని గీతని ఒక్క యాడ్ సెట్ దాటగలుగుతుంది.

సరే, టూల్స్ దగ్గరికి వద్దాం. Audiences పేజీలో రెండు ఆడియన్స్‌లు టిక్ చేసి, మూడు చుక్కల మెనూలో Show audience overlap నొక్కండి. వచ్చే పర్సంటేజీ మీరు ఏ ఆడియన్స్‌ని ఆధారంగా ఎంచుకున్నారో దాని మీద ఉంటుంది. ఒక ఆడియన్స్‌లో 20 లక్షల మంది, ఇంకోదానిలో 4 లక్షల మంది, రెండింటిలోనూ ఉన్నవాళ్లు 3 లక్షలు అనుకుందాం. పెద్దదాన్ని ఎంచుకుంటే 15% చూపిస్తుంది. అబ్బే, తక్కువే కదా అనిపిస్తుంది. చిన్నదాన్ని ఎంచుకుంటే అదే ఓవర్‌ల్యాప్ 75%. చిన్న ఆడియన్స్ దాదాపుగా పెద్దదాని కడుపులోనే ఉందన్నమాట. కాబట్టి ఎప్పుడూ అటూ ఇటూ మార్చి రెండూ చూడండి. లుకలైక్‌ల విషయంలో అయితే టూల్ కూడా అవసరం లేదు. 1% నుంచి 3% అని రేంజ్ ఇవ్వకుండా మామూలుగా 3% చేసి ఉంటే, 1%లో ఉన్నవాళ్లందరూ అందులో ఉంటారు.

ఈ టూల్‌తో నాకున్న అసలు అభ్యంతరం వేరే ఉంది. ఇది మనుషుల ఓవర్‌ల్యాప్ చూపిస్తుంది కానీ ఆక్షన్ ఓవర్‌ల్యాప్ చూపించదు. రెండు లిస్టుల్లో ఒకే పేరు ఉన్నంత మాత్రాన మన రెండు యాడ్ సెట్లు ఒకే ఆక్షన్‌లో తగులుకున్నాయని కాదు. బడ్జెట్ బాగా తక్కువై, ఆడియన్స్ చాలా పెద్దదైతే అవి అసలు ఎదురుపడకపోవచ్చు కూడా. పైగా మీరు అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్ వాడుతుంటే, మీరిచ్చిన ఇంట్రెస్ట్‌లు, లుకలైక్‌లు సూచనలు మాత్రమే. సిస్టమ్ వాటిని దాటి వెళ్లిపోతుంది. అప్పుడు మన చీరల ఇంట్రెస్ట్, చేనేత ఇంట్రెస్ట్, బ్రాడ్, మూడూ ఆచరణలో ఒకే గుంపు మీద పనిచేస్తాయి. టూల్‌లో మాత్రం వేరువేరుగా కనపడతాయి. అందుకని ఈ టూల్‌ని నిర్ణయం తీసుకోవడానికి వాడకండి, అనుమానం తీర్చుకోవడానికి వాడండి, చాలు.

Inspect ఇంతకంటే ఉపయోగం. యాడ్ సెట్ పేరు మీద మౌస్ పెడితే కనిపిస్తుంది. అందులో ఆక్షన్ ఓవర్‌ల్యాప్ భాగంలో, మన సొంత యాడ్ సెట్ల వల్ల ఇది ఎంతవరకు పక్కకి తప్పుకోవాల్సి వచ్చిందో చూపిస్తుంది. మనకి కావాల్సిన సమాచారం ఇదే. ఇబ్బంది ఏంటంటే, తక్కువ ఇంప్రెషన్లు ఉన్న యాడ్ సెట్లకి ఇది రాదు. ఓవర్‌ల్యాప్ వల్ల ఎక్కువ దెబ్బతినేవి అవే కదా!

అందుకే నేను ముందు చూసేది రీచ్, అంటే యాడ్ ఎంతమందికి చేరిందన్న లెక్క. ఇది మామూలు రిపోర్ట్‌లోనే ఉంటుంది. ఆరు యాడ్ సెట్లనీ ఫిల్టర్ చేసి గత ఏడు రోజుల రీచ్ కాలమ్ తెరవండి. ఒక్కో వరుసలో ఉన్న రీచ్‌ని మీరు చేత్తో కూడండి. కింద టోటల్ వరుసలో మెటా చూపించే రీచ్ మాత్రం ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెడుతుంది. మన నమూనాలో కూడితే 2,40,000, కింద టోటల్ 1,50,000 అనుకుందాం. తేడా 90,000. అంటే చాలామందికి ఒకటికంటే ఎక్కువ యాడ్ సెట్ల నుంచి మన యాడ్స్ వెళ్తున్నాయి. ఇంకో సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. ఒక్కో యాడ్ సెట్ ఫ్రీక్వెన్సీ, అంటే ఒక్కో మనిషికి సగటున ఎన్నిసార్లు కనిపించిందన్నది, 1.5 ఉందిలే అని మనం నిశ్చింతగా ఉంటాం, టోటల్ వరుసలో అది 2.4 ఉంటుంది. ఇది కూడా నేరుగా ఆక్షన్ ఓవర్‌ల్యాప్ కొలత కాదు. కానీ దీనికి తోడు ₹500 బడ్జెట్ ఉన్న యాడ్ సెట్ రోజుకి ₹150 కూడా ఖర్చు చేయట్లేదంటే, పక్కదాన్ని ఒక రోజు ఆపగానే ఇది లేచి పరిగెడుతోందంటే, ఇక సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు కలిపే పని. ఏది ఉంచాలి అన్నది మొదటి ప్రశ్న. చాలామంది కాస్ట్ పర్ పర్చేజ్ తక్కువున్నది ఉంచుతారు. ₹210కే వస్తోంది అంటారు, చూస్తే నెలకి మూడు పర్చేజ్‌లు. అది ఆధారం కాదండీ. గత నాలుగు వారాల్లో ఎక్కువ పర్చేజ్‌లు ఎందులో వచ్చాయో అది ఉంచండి. ఇక్కడ బ్రాడ్ అనుకుందాం, ఆడియన్స్ పరంగా మిగతావన్నీ దాని లోపలే ఉన్నాయి కాబట్టి టార్గెటింగ్ మార్చే పని కూడా తప్పింది.

తర్వాత మిగతా ఐదింట్లో బాగా అమ్మకాలు తెచ్చిన యాడ్స్‌ని ఇందులోకి తేవాలి. డూప్లికేట్ చేసేటప్పుడు పాత రియాక్షన్లు, కామెంట్లు ఉంచే ఆప్షన్ టిక్ చేయండి, లేదా Use existing post ద్వారా పాత పోస్ట్‌నే ఎంచుకోండి. చీరల యాడ్ కింద ‘రంగు పోదా’, ‘బ్లౌజ్ ముక్క వస్తుందా’ అని అడిగినవాళ్లకి మీరిచ్చిన జవాబులు అమ్మకానికి పనికొస్తాయి, వాటిని వదులుకోకండి. తెలుగు యాడ్‌కి ఒక యాడ్ సెట్, ఇంగ్లిష్ యాడ్‌కి ఒక యాడ్ సెట్ పెట్టినవాళ్లు కూడా రెండు యాడ్స్‌నీ ఒక్కదానిలోకే తెచ్చేయండి. హైదరాబాద్‌లో ఆ రెండూ చూసేది చాలావరకు ఒకే జనం.

కొత్త యాడ్ చేర్చినా, టార్గెటింగ్ మార్చినా, బడ్జెట్ బాగా పెంచినా లెర్నింగ్ మళ్లీ మొదలవుతుంది. ఈ రోజు ఒక యాడ్, ఎల్లుండి ఒక యాడ్, ఆ తర్వాత బడ్జెట్ అని చేస్తే వారమంతా లెర్నింగ్‌లోనే ఉంటుంది. యాడ్స్ అన్నీ చేర్చి, బడ్జెట్ ₹3,000 చేసి, ఒకేసారి పబ్లిష్ చేయండి. అదే పూట మిగతా ఐదింటినీ ఆఫ్ చేయండి. డిలీట్ మాత్రం చేయకండి, పోల్చుకోవడానికి కావాలి. దసరాకి వారం ముందు ఈ పని పెట్టుకోకండి.

బడ్జెట్‌ని క్యాంపెయిన్ స్థాయికి మార్చేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. క్యాంపెయిన్ బడ్జెట్ డబ్బుని యాడ్ సెట్ల మధ్య సర్దుతుందే తప్ప, అవి ఒకదానికొకటి అడ్డు రాకుండా ఆపదు.

అన్నీ కలపకూడదు కూడా. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి షిప్పింగ్ చేస్తుంటే ఆ యాడ్ సెట్ విడిగానే ఉండాలి. లొకేషన్ వేరు కాబట్టి ఓవర్‌ల్యాప్ లేదు, ధరలూ వేరు. కార్ట్‌లో వేసి వదిలేసినవాళ్లకి మీరు నిజంగా వేరే ఆఫర్ ఇస్తుంటే దాన్నీ ఉంచండి, కానీ బ్రాడ్‌లో వాళ్లని ఎక్స్‌క్లూడ్ చేయండి. ఎక్స్‌క్లూజన్‌కి సరైన చోటు ఇది. అదే యాడ్ చూపిస్తూ రీటార్గెటింగ్ అని పేరు పెట్టుకుంటే దాన్ని కలిపేయడమే మేలు. కొత్త వీడియో ఎలా ఉందో తేల్చుకోవాలంటే మెటా ఏబీ టెస్ట్ వాడండి, అది జనాన్ని రెండు విడి గుంపులుగా విడగొడుతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు కాస్ట్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, ముట్టుకోవద్దు. ఏడు రోజులు నిండాక పాత ఆరింటి మొత్తం వారాన్ని, కొత్త ఒక్కదాని వారాన్ని పక్కపక్కన పెట్టండి. యాడ్స్ మేనేజర్ పర్చేజ్‌లతో పాటు మీ వెబ్‌సైట్‌లో వచ్చిన మొత్తం ఆర్డర్లు కూడా చూడండి. ఆర్డర్లు తగ్గి, ఎనిమిదో రోజుకి కూడా Learning limited అనే ఉంటే, మీ ఇబ్బంది ఓవర్‌ల్యాప్ కాదు, ఆ బడ్జెట్‌కి పర్చేజ్ ఖరీదు ఎక్కువ. అప్పుడు ఆప్టిమైజేషన్‌ని కొన్నాళ్లు యాడ్ టు కార్ట్‌కి మార్చి చూడొచ్చు. ఆ సెటప్ తర్వాతి వీడియోలో చూపిస్తాను.