స్లయిడ్ మాస్టర్ తయారు చేయాల్సింది ఎవరు?

వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన మిత్రులకు, గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి బస్సులు పట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. కార్డులో నా అంశం ‘ఆఫీసు పనుల్లో కంప్యూటర్ నైపుణ్యాలు’ అని వేశారు. అంత పెద్ద అంశం నేను మాట్లాడను. పవర్‌పాయింట్‌లో View మెనూలో ఉండే, స్లయిడ్లన్నిటి రూపాన్నీ ఒకేచోట నుంచి నడిపే Slide Master గురించే మాట్లాడతాను. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది పై అధికారుల కోసం స్లయిడ్లు తయారు చేసేవాళ్లే. ఆ పనిలో జరుగుతున్న ఒక అన్యాయం గురించి చాలాకాలంగా చెప్పాలనుకుంటున్నాను.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో తుపాను ముందస్తు ఏర్పాట్ల మీద సమీక్ష జరిగింది. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. అక్టోబరు వస్తుందంటే ఇక్కడ ఇలాంటి సమీక్షలు తప్పవు. ఐదు సెక్షన్ల నుంచి ఐదు ఫైళ్లు వచ్చాయి: తాగునీరు, విద్యుత్తు, రోడ్లు, పునరావాస కేంద్రాలు, ఆరోగ్యం. కలిపితే 46 స్లయిడ్లు. వాటిని కలిపే పని సాయంత్రం ఐదింటికి మా దగ్గర పనిచేసే ఒక అమ్మాయికి అప్పగించారు. కాంట్రాక్టు ఉద్యోగం, చంటిబిడ్డ తల్లి. మర్నాడు ఉదయం తెర మీద ఒక స్లయిడ్ శీర్షిక నీలం, తర్వాతిది ఎరుపు. ఒకచోట అక్షరాలు గౌతమి, ఇంకోచోట ఏదో తెలియని ఫాంటు. పెద్దాయన ఫైలు మూసేసి, అందరి ముందూ ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచి, ‘ఇది ఇంత అడ్డదిడ్డంగా ఎలా తయారైంది’ అన్నారు. ఐదు సెక్షన్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ అమ్మాయి రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఒక్కో స్లయిడ్ పట్టుకుని ఫాంటు మార్చింది. అలా మార్చడం వల్లే గందరగోళం ఇంకా పెరిగిందని ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఆ ఫైలు తెరిచాం. ఇక్కడి నుంచి కాస్త నెమ్మదిగా చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదట View లోకి వెళ్లి Outline View నొక్కాం. ఎడమవైపు స్లయిడ్ల శీర్షికలు వరసగా కనిపిస్తాయి. రోడ్ల సెక్షన్ స్లయిడ్లు వచ్చేసరికి నంబర్లు ఉన్నాయి, పక్కన శీర్షికలు లేవు. స్లయిడ్ మీద మాత్రం ‘రోడ్ల పరిస్థితి’ అని పెద్దక్షరాల్లో కనిపిస్తూనే ఉంది. ఎందుకంటే అది శీర్షిక కోసం స్లయిడ్ మీద ముందే ఉంచిన గడిలో, అంటే ప్లేస్‌హోల్డర్‌లో రాసింది కాదు. Insert లో Text Box తీసుకుని, ఖాళీ ప్లేస్‌హోల్డర్ మీద పెట్టి రాశారు. ఖాళీ ప్లేస్‌హోల్డర్ ప్రదర్శనలో కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ మాస్టర్‌లో శీర్షిక చోటు మార్చినా, సైజు తగ్గించినా, రంగు మార్చినా ఆ టెక్స్ట్ బాక్సుకు చేరదు. దానికీ మాస్టర్‌లోని శీర్షికకూ బంధమే లేదు. మీ ఫైల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ముందు ఈ పరీక్ష చేయండి. అర నిమిషం పట్టదు.

బంధం అన్నాను కదా, అది ఎలా నడుస్తుందో ఒక్కసారి వినండి. Slide Master తెరిస్తే ఎడమవైపు పైన ఒక పెద్ద బొమ్మ ఉంటుంది, అది మాస్టర్. దాని కింద చిన్న బొమ్మలు, అవి లేఅవుట్లు. మామూలు ఆఫీస్ థీమ్‌లో పదకొండు ఉంటాయి. ఆస్తి తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టు ఫాంటు, రంగు, చోటు మాస్టర్ నుంచి లేఅవుట్‌కి, లేఅవుట్ నుంచి స్లయిడ్‌కి వస్తాయి. మధ్యలో ఎవరైనా తమకంటూ ఏదైనా పెట్టుకుంటే, ఆ విషయంలో పైనుంచి వచ్చేది ఆగిపోతుంది. మాస్టర్‌లో శీర్షిక సైజు 44 నుంచి 36 చేశాం. మొదటి స్లయిడ్ మాత్రం 60లోనే ఉండిపోయింది. Title Slide లేఅవుట్‌లో 60 అని విడిగా రాసి ఉంది మరి. Section Header కూడా అంతే. అందుకే మాస్టర్ మార్చాక ఆ రెండు లేఅవుట్లూ విడిగా చూడాలి.

స్లయిడ్ మీద చేత్తో మార్చిన ఫాంటుకూ ఇదే వర్తిస్తుంది. ఆ అమ్మాయి రాత్రంతా చేసింది అదే. 46 స్లయిడ్లనూ ఒక్కొక్కటిగా మాస్టర్ నుంచి విడదీసింది. తప్పు ఆమెది కాదు. ‘ఫాంటు మార్చు’ అని చెప్పినవాళ్లు ఎక్కడ మార్చాలో చెప్పలేదు.

తర్వాత Slide Master తెరిచి ఎడమవైపు కిందికి జరిపితే ఒకటి కాదు, నాలుగు మాస్టర్లు కనబడ్డాయి. ‘1_Office Theme’, ‘2_Office Theme’ అని పేర్లు. అవి ఎలా వచ్చాయో తెలుసా? సెక్షన్ పెద్దలు ‘మా స్లయిడ్లు ఎలా ఉన్నాయో అలాగే రావాలి’ అన్నారు. అలాగే రావాలంటే అతికించేటప్పుడు Keep Source Formatting నొక్కాలి. అది నొక్కితే స్లయిడ్‌తో పాటు దాని మాస్టర్ కూడా వచ్చి కూర్చుంటుంది. పైన ఉన్న మొదటి మాస్టర్‌ని ఎంత దిద్దినా మిగతా మూడింటి కింద ఉన్న స్లయిడ్లు కదలవు. లేఅవుట్ బొమ్మ మీద మౌస్ పెట్టి ఆపండి, ఏ నంబరు స్లయిడ్లు దాన్ని వాడుతున్నాయో చెబుతుంది. వాడుకలో ఉన్న లేఅవుట్‌ని తీసేయనివ్వదు కూడా.

సరిచేసిన పద్ధతి ఇది. మామూలు View కి తిరిగొచ్చి, పరాయి మాస్టర్ కింద ఉన్న స్లయిడ్లన్నిటినీ ఎడమవైపు ఎంచుకున్నాం. Home లో Layout నొక్కి, మన మాస్టర్ కింద ఉన్న అదే పేరు లేఅవుట్ ఇచ్చాం. వెంటనే పక్కనున్న Reset నొక్కాం. Reset అంటే స్లయిడ్ మీద చేత్తో పెట్టిన ఫాంటు, సైజు, చోటు తీసేసి, లేఅవుట్ చెప్పినట్టు ప్లేస్‌హోల్డర్లను వెనక్కి తేవడం. రాసిన విషయం పోదు. టెక్స్ట్ బాక్సుల్ని మాత్రం అది ముట్టుకోదు. రోడ్ల సెక్షన్ శీర్షికల్ని ఒక్కొక్కటిగా కత్తిరించి, ఖాళీ శీర్షిక ప్లేస్‌హోల్డర్‌లో క్లిక్ చేసి, Keep Text Only తో అతికించాం. ఆ పనికి దగ్గరదారి లేదు. స్లయిడ్లన్నీ వెళ్లిపోయాక మిగతా మాస్టర్లను తీసేశాం.

ఇప్పుడు అన్నీ ఒక్క మాస్టర్ కింద ఉన్నాయి. అయినా తెలుగు మారలేదు! థీమ్ ఫాంటు మారిస్తే అంకెలు, ఇంగ్లీషు మాటలు మారాయి, తెలుగు మాత్రం గౌతమిలోనే ఉంది. ఇది మన భాషలో పనిచేసేవాళ్లకే వచ్చే చిక్కు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని ఊసు కనబడదు, అందుకే కొంచెం ఎక్కువ సేపు చెబుతాను, ఓపిక పట్టండి.

థీమ్‌లో శీర్షికకు ఒక ఫాంటు, విషయానికి ఒక ఫాంటు అని మనం అనుకుంటాం. లోపల ఒక్కోదానికి మూడు గదులున్నాయి: లాటిన్ లిపికి ఒకటి, చైనా జపాన్ లిపులకు ఒకటి, మనలాంటి సంక్లిష్ట లిపులకు ఒకటి. మూడోది మామూలుగా ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే థీమ్ తన జాబితాలో తెలుగుకు ఏం రాసుందో చూస్తుంది. అక్కడ గౌతమి అని ఉంది. మనం తెర మీద మార్చింది లాటిన్ గది ఒక్కటే. ఆ మూడో గది నింపాలంటే ఫైలుకు ముందు ఒక నకలు తీసుకోండి. పిపిటిఎక్స్ నిజానికి జిప్ ఫైలే, పేరు చివర zip అని మార్చి విప్పండి. ppt ఫోల్డరులో theme ఫోల్డరు, దాన్లో theme1.xml ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి majorFont లో ఒకసారి, minorFont లో ఒకసారి ఈ వరుస వెతకండి:

```
<a:cs typeface=""/>
```

దాన్ని ఇలా మార్చండి:

```
<a:cs typeface="Nirmala UI"/>
```

తిరిగి జిప్ చేసేటప్పుడు బయటి ఫోల్డరును కాదు, లోపలున్న వాటిని ఎంచుకుని జిప్ చేయాలి. లేకపోతే ఫైలు పాడైందంటుంది. జిప్ చేశాక పేరు చివర మళ్లీ pptx అని మార్చండి. నిర్మల ఎందుకంటే, విండోస్ 8 నుంచి అది సిస్టంతోనే వస్తోంది. మండలి, రామభద్ర అందమైన ఫాంట్లే, నాకూ ఇష్టమే. కానీ మీటింగు హాల్లో ఉన్న కంప్యూటర్లో అవి లేకపోతే ఆ చోట ఇంకేదో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, వరుసలు విరిగిపోతాయి.

ఇంకొక్కటి. ఆఫీస్ థీమ్ వరుసల మధ్య దూరం 0.9 పెట్టి ఇస్తుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. ‘రాష్ట్ర’ అని రాసి చూడండి, ష కింద ట వత్తు, ర వత్తు కూడా ఉంటాయి. కింది వరుసలో సరిగ్గా దాని కింద ‘నీటి’ అని పడిందనుకోండి, నీ మీది గుడి దీర్ఘం పోయి ఆ వత్తుల్ని తగులుతుంది. వెనక బల్ల వాళ్లకు అది ఒక నల్లటి ముద్ద. మాస్టర్‌లో విషయం ప్లేస్‌హోల్డర్ ఎంచుకుని, Paragraph లో Multiple 1.1 పెట్టాం. శీర్షికకూ అంతే. దాని పక్కనే Format Shape లో Do not Autofit కూడా పెట్టాం. లేకపోతే విషయం ఎక్కువైన స్లయిడ్లో అక్షరాలు వాటంతట అవే చిన్నవైపోతాయి. మళ్లీ ‘ఈ స్లయిడ్లో అక్షరాలు ఎందుకు చిన్నగా ఉన్నాయి’ అని ఆ అమ్మాయినే అడుగుతారు.

రంగుల సంగతి త్వరగా ముగిస్తాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. Slide Master లోనే Colors నొక్కి ఏదో వేరే రంగుల జట్టు పెట్టండి. మారినవి థీమ్‌కి కట్టుబడినవి. మారనివి More Colors లో ఎవరో చేత్తో పెట్టినవి. అవెక్కడున్నాయో రాసుకుని Ctrl+Z కొట్టండి. మా ఫైల్లో మారనిది విద్యుత్తు సెక్షన్ వాళ్ల ఎరుపే.

ఇదంతా మా ఇద్దరికీ ఒక మధ్యాహ్నం పట్టింది. అదే పని ఐదు ఫైళ్లూ పుట్టకముందే చేసుంటే గంట చాలు. అందుకే అధికారుల్లో ఈ మాట వినేవాళ్లు ఉంటే నేరుగా వాళ్లనే అడుగుతున్నాను: స్లయిడ్లు కావాలని ఉత్తర్వు పంపేటప్పుడు దానితో పాటే ఒక పిఓటిఎక్స్ టెంప్లేట్ పంపండి. అందులో ఒకే మాస్టర్, తెలుగు గది నింపిన థీమ్, మీకు కావాల్సిన నాలుగైదు లేఅవుట్లు ఉండాలి. అది తయారు చేసే పని ఏడాదికోసారి ఒకరికి పగటిపూట, ఆఫీసు వేళల్లో అప్పగించండి, వాళ్ల పేరు మీద రాయండి. అలా పంపకుండా సాయంత్రం ఐదింటికి ఐదు ఫైళ్లు ఒకరి ఒళ్లో పడేసి, పొద్దున అందరి ముందూ నిలబెట్టి అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఆ అమ్మాయి ఈరోజు ఈ హాల్లోనే ఉంది. పేరు చెప్పొద్దంది, చెప్పను. ఆ తర్వాతి ఏడాది టెంప్లేట్ తయారు చేసింది ఆమే. ఇప్పుడు ప్రొజెక్టర్ పెట్టుకుందాం. పెన్‌డ్రైవ్‌లో మీ ఆఫీసు ఫైలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండమ్మా, ముందు Outline View తెరిచి చూద్దాం.