నేల ఉసిరి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం. తెలుగులో రాసిన సైన్సు పేపర్లు ఇంగ్లీషులోకి మార్చే పని చేస్తుంటాను నేను, వాటిల్లో నన్ను బాగా సతాయించేవి ఎథ్నోబోటనీ పేపర్లు, అంటే ఏ ఊళ్ళో ఎవరు ఏ మొక్కని దేనికి వాడతారో తిరిగి అడిగి రాసుకొచ్చినవి. భాష కష్టమని కాదు, వాక్యాలు చాలా సింపుల్‌గానే ఉంటాయి, తంటా అంతా మొక్క పేర్లతోనే. ఇవాళ ఒక్క మొక్కని పట్టుకుని ఆ తంటా ఏంటో చెప్తాను.

నల్లమల అంచు ఊళ్ళ మీద రాసిన పేపర్ ఒకటి ఉందనుకోండి, అందులో ఇలా ఒక వాక్యం: "కామెర్లకు నేల ఉసిరిని సమూలంగా నూరి మజ్జిగలో కలిపి పరగడుపున ఇస్తారు." (ఇది వైద్యం చెప్పడం కాదండోయ్, ఉదాహరణ మాత్రమే, ఎవరూ ట్రై చెయ్యొద్దు.) పక్కనే శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ నిరూరి అని ఉంటుంది. ఇది ఇంగ్లీషులోకి వెళ్ళాలి.

అలవాటు కొద్దీ చాలామంది ముందు డిక్షనరీ తీస్తారు, ఉసిరి అంటే గూస్‌బెర్రీ అని ఉంటుంది, దానికి ముందు ఇండియన్ అనో గ్రౌండ్ అనో తగిలించి పని అయిపోయిందనుకుంటారు. కానీ యూరప్ వాళ్ళ గూస్‌బెర్రీ రైబీస్ అనే వేరే జాతి, మనకి ఫ్రూట్ షాపుల్లో కాగితం లాంటి తొడుగులో కనిపించే కేప్ గూస్‌బెర్రీ అసలు టమాటా కుటుంబంలోది. మన దగ్గర చూస్తే కార్తీకంలో కింద కూర్చుని భోంచేసే పెద్ద ఉసిరి ఫిల్లాంథస్ ఎంబ్లికా, పుల్లగా పచ్చడికి పనికొచ్చే రాచ ఉసిరి ఫిల్లాంథస్ అసిడస్, పొలం గట్ల మీద జానెడెత్తున లేచేది నేల ఉసిరి, ఈ మూడూ కనీసం ఒక జాతివే, మన వాళ్ళు పేరు పెట్టడంలో వాళ్ళ లెక్క వాళ్ళకి ఉంది. గూస్‌బెర్రీ అనగానే ఆ లెక్క మొత్తం చెడిపోతుంది. అందుకని నేను పెట్టుకున్న మొదటి రూల్ ఏంటంటే తెలుగు పేరుకీ శాస్త్రీయ నామానికీ మధ్యలోకి ఇంగ్లీషు వాడుక పేరుని రానివ్వను, తెలుగు పేరు అలాగే ఉండాలి, పక్కన శాస్త్రీయ నామం ఉండాలి, ఇంగ్లీషు పేరు కావాలని ఎడిటర్ మరీ పట్టుబడితే టేబుల్‌లో చివరి కాలమ్‌లో ఒక మూలకి పడేస్తాను.

సరే, ఇప్పుడు అసలు చిక్కు. పేపర్లో నిరూరి అని ఉంది కదా, అలాగే దించేస్తే సరిపోదా? ఇక్కడ కొంచెం పాత కథ చెప్పాలి. హుకర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త 1872 నుంచి 1897 దాకా ఏడు సంపుటాలుగా తెచ్చిన బ్రిటిష్ ఇండియా ఫ్లోరా అనే మొక్కల పుస్తకంలో మన దేశంలో దొరికే ఈ చిన్న మొక్కలన్నిటినీ ఫిల్లాంథస్ నిరూరి అనే ఒకే పేరు కింద కలిపేశారు, తర్వాత పుస్తకాలూ మందుల కంపెనీల లేబుళ్ళూ అదే పేరు రాస్తూ వచ్చాయి. కానీ మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ ఆ పేరు పెట్టిన అసలు నిరూరి అమెరికా ఖండం మొక్క. 1980ల్లో మన బొటానికల్ సర్వే వాళ్ళ బులెటిన్‌లోనే దీని మీద వివరంగా రాశారు, ఇండియాలో నిరూరి అని పిలుస్తున్నది ఒక్క మొక్క కాదు, అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అని మూడు వేరు వేరు మొక్కలు అని. అయినా ఇవాళ్టికీ కాలేజీల నుంచి వచ్చే పేపర్లలో నిరూరి కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడే ట్రాన్స్‌లేటర్ చెయ్యి దురద పెడుతుంది. ఆన్‌లైన్ డేటాబేస్ ఓపెన్ చేసి, ఓహో ఇది అమారస్ కదా అని మార్చేద్దామనిపిస్తుంది. ఆగాలి. పాత పేరు అన్నా తప్పు పేరు అన్నా ఒకటే అనుకుంటారు గానీ రెండూ వేరే సంగతులు. తంగేడు తీసుకోండి, పాత పేపర్లలో కాసియా ఆరిక్యులాటా, ఇప్పుడు సెన్నా ఆరిక్యులాటా, మొక్క అదే, ఇంటిపేరు మారింది అంతే. కానుగకైతే పొంగామియా అన్నారు, మధ్యలో మిల్లెటియా అన్నారు, ఇప్పుడు మళ్ళీ పొంగామియా అంటున్నారు, ఎన్ని మార్చినా చెట్టు మాత్రం ఆ చెట్టే. ఇలాంటివి ట్రాన్స్‌లేటర్ సరిచేసి, రచయిత రాసిన పేరు కూడా పక్కనే ఉంచేస్తే ఏ గొడవా లేదు, ఏ పేరు పట్టుకుని వెతికినా ఒకే చెట్టు దగ్గరికి చేరతాం. నిరూరి సంగతి అలా కాదు. ఆ పేరు తప్పు మొక్కకి అంటింది, దాని వెనక ఉన్నది మూడిట్లో ఏదో పేరు చూసి చెప్పలేం, మొక్కని చూస్తేనే తెలుస్తుంది. డేటాబేస్‌లో అమారస్ అని కనిపించినంత మాత్రాన ఆ ఊళ్ళో ఆ పెద్దాయన పీకి చూపించింది అమారస్ అయిపోదు కదా.

మరి మొక్క ఎక్కడ చూడాలి? వౌచర్ దగ్గర. ఫీల్డుకి వెళ్ళినవాళ్ళు ప్రతి మొక్కనీ పువ్వుతో కాయతో సహా కోసి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, షీట్ మీద అతికించి, నంబర్ వేసి, ఎక్కడ ఎప్పుడు ఎవరు కోశారో రాసి హెర్బేరియంలో పెడతారు, ఆ షీట్‌నే వౌచర్ అంటారు. నేను రచయితకి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, సార్, మీ నేల ఉసిరి షీట్ ఒకసారి తీసి లెన్స్‌తో చూస్తారా అని. ఆ మొక్క రెమ్మ తిప్పితే ఆకుల అడుగున వరసగా ఆవగింజ కన్నా కాస్త పెద్ద కాయలు వేలాడుతుంటాయి, దాని పూలకి ఆకర్షక పత్రాలుండవు, రక్షక పత్రాలే ఉంటాయి, అవి కాయ అయ్యాక కూడా రాలకుండా కాయ కింద నక్షత్రంలా అంటుకునే ఉంటాయి కాబట్టి ఎండిన షీట్‌లో కూడా లెక్కపెట్టొచ్చు. అయిదు ఉంటే అమారస్ వైపు, ఆరు ఉంటే ఫ్రాటర్నసో డెబిలిసో. కాయ నున్నగా కాకుండా గరుగ్గా బొడిపెలతో ఉండి కాడ ఎర్రగా ఉందంటే అది ఇంకోటి, ఫిల్లాంథస్ యూరినేరియా, దాన్ని ఎర్ర ఉసిరి అంటారు, మొక్క చూపించినాయన ఇదీ నేల ఉసిరేలే అని చెప్పి ఉండొచ్చు కూడా.

సార్ చూసి అయిదు అన్నారనుకోండి, అప్పుడు ఇంగ్లీషులో అమారస్ అని రాసి, తెలుగు మూలంలో నిరూరి అని ఉంది, షీట్ ఫలానా నంబర్ మళ్ళీ చూసి రచయితే మార్చారు అని కింద నోట్ పెడతాను. షీట్ లేదు, పురుగు కొట్టేసింది, అసలు కొయ్యనే లేదు అన్నారనుకోండి, చాలాసార్లు జరిగేది ఇదే, అప్పుడు నిరూరి అనే ఉంచి, ఇండియన్ రచయితలు వాడే అర్థంలో, లిన్నేయస్ అర్థంలో కాదు అని పక్కన చేరుస్తాను, బోటనీలో దానికి పద్ధతైన మాటలే ఉన్నాయి. చూడ్డానికి అందంగా ఉండదు, ఎడిటర్లు విసుక్కుంటారు, కానీ తెలియనిది తెలిసినట్టు రాయడం కన్నా ఇదే నయమని నా లెక్క.

పేరు చూసి మోసపోయే ఇంకో కేసు మారేడు గడ్డలు. మారేడు అంటే శివుడికి పెట్టే బిల్వం, ఈగిల్ మార్మెలోస్, అది పెద్ద చెట్టు. మారేడు గడ్డలకీ దానికీ ఏ సంబంధం లేదు, అవి అడవిలో తవ్వి తెచ్చే దుంపలు, గిరిజన సహకార సంస్థ జీసీసీ వాళ్ళు కూడా కొనే సరుకు, శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనీ, ఒక తీగ వేర్లు. తెలియని ట్రాన్స్‌లేటర్ "బిల్వం వేర్లు" అని రాసేస్తే మొక్క మారిపోయింది, కుటుంబం మారిపోయింది. దాని పైన ఇంకో పేచీ, ఈ గడ్డలని నన్నారి అనీ సుగంధి అనీ కూడా అమ్ముతారు, అసలు సుగంధిపాల హెమిడెస్మస్ ఇండికస్, దాని వేరు సన్నగా పుల్లలా ఉంటుంది, మారేడు గడ్డ లావుగా కండతో ఉంటుంది. షర్బత్ తాగేవాడికి రెండూ ఒకటే వాసన. ఇంగ్లీషులో ఇండియన్ సార్సాపరిల్లా అని రాస్తే రెండూ అందులో మునిగిపోతాయి, పైగా అసలు సార్సాపరిల్లా మళ్ళీ అమెరికాది, స్మైలాక్స్ అనే ఇంకో జాతి. అందుకే పేపర్లో "సుగంధి వేరు" అని కనిపిస్తే, సన్నదా లావుదా అని అడక్కుండా నేను ముందుకి కదలను.

పని ఎలా చేస్తానంటే, అనువాదం మొదలుపెట్టకముందే పేపర్లోని ప్రతి మొక్క పేరూ టేబుల్‌లోకి తీసేస్తాను, తెలుగు పేరు ఉన్నది ఉన్నట్టు, చెప్పినవాళ్ళ ఊరు, రచయిత రాసిన శాస్త్రీయ నామం, వౌచర్ నంబర్, ఇప్పుడు చెల్లే పేరు, నా అనుమానం. తర్వాత పేపర్లో పేర్ల బదులు నంబర్లు పెట్టి అనువదించి, చివర్లో టేబుల్ నుంచి పేర్లు వెనక్కి దింపుతాను, అప్పుడు ఒకచోట అమారస్, ఇంకోచోట నిరూరి అని తేడాలు రావు. ఇక్కడ తెలుగు ఒక మెలిక పెడుతుంది, తంగేడు అని సెర్చ్ కొడితే తంగేటి పూలు దొరకవు, నల్లేరు అని కొడితే నల్లేటి కాడలు దొరకవు. కాబట్టి కంప్యూటర్ లెక్కని నమ్మకుండా కళ్ళతో చదువుతూ వెతకాల్సిందే, తెలుగులో ఎన్నిసార్లు వచ్చిందో ఇంగ్లీషులోనూ అన్నిసార్లు వచ్చిందా అని సరిచూసుకోవాల్సిందే.

తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం దగ్గర కూడా జర్నల్ వాళ్ళతో ఓ పోట్లాట తప్పదు. దీర్ఘాల మీద గీతలు తీసేస్తాం అంటారు. గీత తీసేస్తే నేల ఉసిరి కాస్తా నెల ఉసిరి అవుతుంది, రేపెవడో చదివి నెలకోసారి కాసే ఉసిరి అని అర్థం చెప్పినా చెప్తాడు. గీతలు ఉంచండి, లేదంటే టేబుల్‌లో తెలుగు లిపిలోనే ఒక కాలమ్ వెయ్యండి అని అడుగుతాను, ఇప్పుడు యూనికోడ్ ఉంది కాబట్టి కొందరు సరే అంటారు, పేజీ పాడవుతుందనే వాళ్ళకైతే ఆ టేబుల్‌ని సప్లిమెంట్ ఫైల్‌గా పెట్టమంటాను, దానికి మాత్రం ఎవరూ కాదనరు. నమస్కారం.