క్లయింట్లకు ఆహ్వానం ఈమెయిల్‌లో పంపేటప్పుడు ముందుగా ఖాయం చేసుకోవలసింది జవాబు గడువు

[తెరపై: ఖాళీ ఈమెయిల్ పేజీ]

నమస్కారం. కార్యక్రమానికి రమ్మని క్లయింట్లకు ఈమెయిల్ రాసేటప్పుడు చాలామంది తేదీ, వేదిక రాసి, చివరన "మీ రాకను దయచేసి తెలియజేయగలరు" అని ముగిస్తారు. ఎప్పటిలోగా తెలియజేయాలో ఆ వాక్యం చెప్పదు కాబట్టి, చదివినవారు తరువాత చూద్దామనుకుని మరచిపోతారు. ఈ వీడియోలో ఒక ఆహ్వానాన్ని ఆ గడువు దగ్గరే మొదలుపెట్టి రాద్దాం.

విజయవాడలో బిందు సేద్యం పరికరాలు అమ్మే ఒక కంపెనీ, కొత్త ఫిల్టర్‌ను చూపించడానికి 60 మంది డీలర్లను 2026 నవంబర్ 20, శుక్రవారం నాడు ఒక హోటల్‌కు పిలుస్తోందనుకుందాం.

[తెరపై: నవంబర్ క్యాలెండర్]

భోజనాలు ఎన్నో 16వ తేదీ సోమవారం సాయంత్రానికి ఖాయంగా చెప్పాలని, ఆ తరువాత మనుషులు తగ్గినా డబ్బు తగ్గదని హోటల్‌వారు ముందే చెప్పారు. అలాగని డీలర్లకు ఇచ్చే గడువు కూడా 16 అయితే, జవాబు రానివారికి ఫోన్ చేసి కనుక్కునే వ్యవధి మనకు మిగలదు. అందువల్ల గడువును 12వ తేదీ గురువారం సాయంత్రం 5 గంటలకు పెట్టి, శుక్ర, శనివారాలను ఫోన్లకు ఉంచుకుందాం. 8వ తేదీ ఆదివారం దీపావళి. పండుగ హడావుడిలో పంపిన ఈమెయిల్ అడుగున పడిపోతుంది కనుక, ఆహ్వానాన్ని అక్టోబర్ 28నే పంపి, నవంబర్ 10న జవాబు ఇవ్వనివారికి మాత్రమే గుర్తుచేద్దాం. జవాబు ఇచ్చినవారికి కూడా మళ్ళీ గుర్తుచేస్తే, తమ జవాబును ఎవరూ చూడలేదని వారు అనుకుంటారు.

ఇప్పుడు ఈమెయిల్ చూద్దాం.

[తెరపై: ఈమెయిల్]

విషయం: డీలర్ల సమావేశం, నవంబర్ 20 శుక్రవారం, విజయవాడ – నవంబర్ 12లోగా జవాబు కోరుతున్నాము

గౌరవనీయులైన డీలర్ గారికి,

మా కొత్త ఫిల్టర్‌ను మీకు చూపించి, ధరల గురించి మీతో మాట్లాడడానికి ఏర్పాటు చేసిన సమావేశానికి మిమ్మల్ని సాదరంగా ఆహ్వానిస్తున్నాము.

తేదీ: 2026 నవంబర్ 20, శుక్రవారం, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు
వేదిక: హోటల్ రెండవ అంతస్తులోని చిన్న హాలు. కార్లకు వెనుక గేటు. మ్యాప్ లింకు కింద ఉంది.
కార్యక్రమం: 10:00 టిఫిన్; 10:30 ఫిల్టర్ పనితీరు ప్రదర్శన; 11:45 కొత్త ధరలు, మీ ప్రశ్నలు; 1:00 భోజనం

మీరు వస్తున్నారో లేదో, డ్రైవర్‌తో సహా మీతో ఎంతమంది వస్తారో నవంబర్ 12, గురువారం సాయంత్రం 5 గంటలలోగా ఈ ఈమెయిల్‌కే జవాబుగా తెలియజేయగలరు.

[తెరపై: వేదిక వరుస పెద్దదిగా]

తేదీ పక్కన వారం పేరు రాయడం అలంకారం కాదు. అంకె పొరపాటున తప్పు పడితే వారం దానితో కలవదు, చదివినవారు వెంటనే పట్టుకుంటారు. వేదికకు హోటల్ పేరు, చిరునామా ఎలాగూ రాస్తాం. కానీ మనిషి ఆగిపోయేది గేటు దగ్గర, లిఫ్టు దగ్గర. ఒకే రోజు రెండు హాళ్ళలో రెండు కార్యక్రమాలు జరిగే హోటళ్ళలో, అంతస్తు రాయకపోతే మన అతిథి పక్కవారి పెళ్ళిచూపుల్లో కూర్చునే అవకాశం నిజంగానే ఉంది.

కార్యక్రమ వివరాలకు వేళలు తప్పనిసరి. గుంటూరు నుంచి వచ్చే డీలర్‌కు ధరల చర్చ 11:45కు అని తెలిస్తే, పూర్తిగా ఉండలేకపోయినా ఆ వేళకు వస్తారు. "పరిచయం, ప్రసంగాలు, భోజనం" అని మాత్రమే రాస్తే, తనకు పనికొచ్చేది ఎప్పుడో తెలియక రావడమే మానుకోవచ్చు.

[తెరపై: Bcc గడి]

60 చిరునామాలను To గడిలో పెడితే ఒక డీలర్ చిరునామా మిగతా అందరికీ కనిపిస్తుంది, ఒకరి జవాబు అందరికీ వెళ్ళే ప్రమాదమూ ఉంటుంది. అందుకే To లో మన చిరునామా, Bcc లో వారివి. మన సిబ్బంది 12 మందికి వేరే ఈమెయిల్ రాయండి, ఎందుకంటే వారు రావలసింది 9 గంటలకు.

[తెరపై: లెక్క]

12వ తేదీ సాయంత్రానికి 41 జవాబులు వచ్చాయనుకుందాం, వాటిలో 33 మంది వస్తామన్నారు. మిగిలిన 19 మందికి ఫోన్ చేస్తే మరో 11 మంది వస్తామన్నారు. డీలర్లు 44, వారితో వచ్చేవారు 14, మనవారు 12. సోమవారం హోటల్‌కు చెప్పవలసిన సంఖ్య 70. డ్రైవర్ల గురించి ఆహ్వానంలోనే అడగకపోయి ఉంటే 56 అని చెప్పేవాళ్ళం, మధ్యాహ్నం ఒంటిగంటకు 14 మంది మెట్ల దగ్గర నిలబడేవారు.