బంగారు రేకు ప్రయోగం: ఆల్ఫా కణాలు ఎందుకు వెనక్కి తిరిగాయో పైథాన్‌లో చూద్దాం

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈ వీడియోలో రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగాన్ని మనమే కంప్యూటర్‌లో నడిపి చూద్దాం. బొమ్మ గీసి, బాణాలు పెట్టి, "కొన్ని కణాలు వెనక్కి వచ్చాయి, కాబట్టి కేంద్రకం ఉంది" అని చెప్పి వదిలేస్తే నాకు తృప్తిగా ఉండదు. ఎన్ని వెనక్కి వచ్చాయి, ఆ లెక్క నుంచి కేంద్రకం ఎంత చిన్నదో ఎలా తెలిసింది, అసలు విషయం అక్కడే ఉంది.

సరే, ముందు ప్రయోగం. ఇదిగో స్క్రీన్ మీద బొమ్మ. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ల్యాబ్, 1909. పని చేసింది హాన్స్ గైగర్, ఎర్నెస్ట్ మార్స్‌డెన్. మార్స్‌డెన్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు, ఇంకా డిగ్రీ చదువుతున్నాడు. ఇక్కడ రేడియోధార్మిక మూలం, దాని ముందు పలచని బంగారు రేకు, ఇటువైపు జింక్ సల్ఫైడ్ తెర. ఆల్ఫా కణం వచ్చి తెరకి తగిలితే చిన్న మెరుపు. ఆ మెరుపుల్ని చీకటి గదిలో కూర్చుని మైక్రోస్కోప్‌లో కంటితో చూసి లెక్కపెట్టారు. తర్వాత 1913లో ఇదే పని ఇంకా వివరంగా, గాలి తీసేసిన పెట్టెలో, మైక్రోస్కోప్‌నీ తెరనీ రేకు చుట్టూ తిప్పుతూ, 5 డిగ్రీల నుంచి 150 డిగ్రీల దాకా కొలిచారు. మనకి కావలసిన నంబర్లు ఆ 1913 పట్టికలో ఉన్నాయి, చివర్లో వాటి దగ్గరికే వస్తాం.

అప్పటికి ఉన్న నమూనా థామ్సన్‌ది. ధనావేశం పరమాణువు మొత్తం పరుచుకుని ఉంటుంది, అందులో ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ నమూనాలో ఒక బంగారు పరమాణువు ఆల్ఫా కణాన్ని ఎంత వంచగలదో లెక్క వేస్తే, గరిష్ఠంగా డిగ్రీలో వందో వంతు, 0.01 డిగ్రీ అనుకోండి. మన రేకులో దాదాపు 1500 పొరల పరమాణువులు ఉంటాయి. ఒక్కో పొర ఒక్కో దిక్కుకి కొంచెం కొంచెం వంచుతుంది కాబట్టి అవన్నీ నేరుగా కూడవు, 1500కి వర్గమూలం తీసుకోవాలి, అంటే 39 రెట్లు. మొత్తం కలిపినా అర డిగ్రీ కూడా దాటదు. అలాంటి చోట 90 డిగ్రీలు తిరగడం అంటే వేలల్లో ఒకటి కాదు, కోట్లలో ఒకటి కూడా కాదు, జరగదు అంతే. కానీ మార్స్‌డెన్‌కి మెరుపులు కనిపించాయి. కాబట్టి ఆ పెద్ద మలుపు ఒకే ఒక్క పరమాణువు దగ్గర, ఒకే ఒక్క దెబ్బకి జరిగి ఉండాలి. 1911లో రూథర్‌ఫర్డ్ పట్టుకున్న పాయింట్ ఇదే.

పదండి, కోడ్. నేను గూగుల్ కోలాబ్ వాడుతున్నాను, మీ సిస్టమ్‌లో జూపిటర్ ఉంటే అదైనా ఒకటే. కొత్త నోట్‌బుక్, మొదటి సెల్, ఇది టైప్ చేయండి.

```python
import numpy as np
Z = 79
E = 7.7
d = 2 * Z * 1.44 / E
print(d)
```

Z బంగారం పరమాణు సంఖ్య. E ఆల్ఫా కణం శక్తి, మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో. ఆ 1.44 ఏంటని అడుగుతారు. కూలుంబ్ సూత్రంలో ఎలక్ట్రాన్ ఆవేశం వర్గం, నాలుగు పై ఎప్సిలాన్ నాట్, ఇవన్నీ విడివిడిగా వేసుకుంటూ పది టు ది పవర్ మైనస్ పంతొమ్మిదిలు కొట్టుకుంటూ కూర్చోకండి. శక్తి మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో, దూరం ఫెమ్టోమీటర్లలో పెడితే ఆ మొత్తం గుంపు 1.44 అయిపోతుంది. ఈ ఒక్క నంబర్ గుర్తుంటే అణుభౌతికంలో సగం లెక్కలు కాగితం మూల మీద అయిపోతాయి, నేను ఎప్పుడూ ఇదే వాడతాను.

షిఫ్ట్ ఎంటర్ కొడదాం. 29.5 వచ్చింది. అంటే ఆల్ఫా కణం నేరుగా కేంద్రకం మీదకి వెళితే, 29.5 ఫెమ్టోమీటర్ల దూరంలో ఆగిపోయి వెనక్కి తిరుగుతుంది. ఈ d ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత రేకు. మందం 0.4 మైక్రాన్. ఒక ఘనపు మీటరుకి బంగారు పరమాణువులు 5.9 ఇంటూ పది టు ది పవర్ ఇరవై ఎనిమిది.

```python
n = 5.9e28
t = 4e-7
bmax = 1e15 / np.sqrt(np.pi * n * t)
print(bmax)
```

రేకుని ఎదురుగా చూస్తే, మందంలో ఉన్న పరమాణువులన్నీ కలిపి ఒక్కో కేంద్రకం వాటాకి కొంత వైశాల్యం వస్తుంది. ఆ వైశాల్యాన్ని ఒక గుండ్రటి బిళ్ళ అనుకుంటే దాని వ్యాసార్థం bmax. ఎంత వచ్చింది, 3670 ఫెమ్టోమీటర్ల చిల్లర. పైన 1e15 ఉన్నది మీటర్లని ఫెమ్టోమీటర్లు చేయడానికి, ఇంకేం లేదు.

ఇప్పుడు కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఈ తర్వాతి లైన్ దగ్గరే. ప్రతి ఆల్ఫా కణానికి b ఎంచుకోవాలి. b అంటే ఇంపాక్ట్ పారామీటర్, కణం వంగకుండా నేరుగా పోయి ఉంటే కేంద్రకానికి ఎంత పక్కగా పోయేదో ఆ దూరం. సున్నా నుంచి bmax దాకా ఏదో ఒకటి ర్యాండమ్‌గా తీసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇలా.

```python
rng = np.random.default_rng()
N = 10_000_000
b = bmax * rng.random(N)
theta = np.degrees(2 * np.arctan(d / (2 * b)))
print((theta > 90).sum())
```

నడిపి చూడండి. కోటి కణాల్లో నలభై వేలు 90 డిగ్రీలు దాటాయి! అంటే 250కి ఒకటి. కోడ్‌కి ఎర్రర్ రాలేదు, గ్రాఫ్ గీస్తే గ్రాఫ్ కూడా నున్నగా వస్తుంది, కానీ జవాబు పూర్తిగా తప్పు. ఎందుకు? వానలో ఒక పెద్ద పళ్ళెం పెట్టండి. పళ్ళెం నడిబొడ్డున పడే చినుకులు తక్కువ, అంచు దగ్గర రింగులో పడేవి ఎక్కువ, ఎందుకంటే అంచు రింగుకి వైశాల్యం ఎక్కువ. ఆల్ఫా కణాలూ అంతే, వాటికి కేంద్రకం ఎక్కడుందో తెలియదు, బిళ్ళ మొత్తం మీద సమానంగా పడతాయి. b ని సమానంగా పంచేస్తే మనమే వాటిని మధ్యలోకి తోసినట్టు. సమానంగా పంచాల్సింది b ని కాదు, b వర్గాన్ని. అందుకని ర్యాండమ్ నంబర్‌కి వర్గమూలం తీయాలి. ఆ ఒక్క లైన్ మారుద్దాం.

```python
b = bmax * np.sqrt(rng.random(N))
theta = np.degrees(2 * np.arctan(d / (2 * b)))
print((theta > 90).sum())
```

ఇప్పుడు చూడండి, నూట అరవై దగ్గర వచ్చింది. మీకు 150 రావచ్చు, 175 రావచ్చు, ర్యాండమ్ కదా. నలభై వేలు ఎక్కడ, నూట అరవై ఎక్కడ. అసలు సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే కాగితం మీదే చూసుకోవచ్చు: 90 డిగ్రీలు తిరగాలంటే b సరిగ్గా d లో సగం, 14.8. దాన్ని bmax తో భాగించి వర్గం చేయండి, కోటితో గుణించండి, 162 వస్తుంది. ఇలా చేత్తో ఒక్క చోట సరిచూసుకున్నాకే నేను సిమ్యులేషన్‌ని నమ్ముతాను.

అంటే ఈ రేకుకి అరవై వేలల్లో ఒకటి. అదేంటి, మా పుస్తకంలో 8000లో ఒకటి అని ఉంది కదా అంటారు. ఇంటర్ పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ 8000 అనేది 1909లో ప్లాటినం పలక మీద వచ్చిన లెక్క, పలచని బంగారు రేకు మీద కాదు. మందమైన పలకలో లోపలి పొరల నుంచి కూడా కణాలు తిరిగి వస్తాయి, సంఖ్య పెరుగుతుంది. పరీక్షలో మీ పుస్తకంలో ఉన్నదే రాయండి, కానీ రేకు మందం మారితే ఈ సంఖ్య మారుతుందని మనసులో పెట్టుకోండి. కావాలంటే పైన t రెట్టింపు చేసి నడపండి, సంఖ్య కూడా రెట్టింపు అవుతుంది.

ఇక అసలు పరీక్ష. రూథర్‌ఫర్డ్ సూత్రం ప్రకారం మెరుపుల సంఖ్య sin(θ/2) నాలుగో ఘాతానికి విలోమంగా ఉండాలి. దీన్ని పరీక్షించడానికి చాలామంది మొత్తం హిస్టోగ్రామ్ గీస్తారు, అప్పుడు ఒక్కో కోణం దగ్గర రింగు సైజు వేరు కాబట్టి sinθ తో భాగించాలి, అది మర్చిపోతే గ్రాఫ్ కలవదు. నాకు నచ్చిన దారి వేరే. 60, 120 తీసుకోండి. రెండింటి సైన్ ఒకటే! కాబట్టి భాగించే పనే లేదు, నేరుగా పోల్చేయొచ్చు.

```python
a = ((theta > 55) & (theta < 65)).sum()
c = ((theta > 115) & (theta < 125)).sum()
print(a, c, a / c)
```

ఒకటి రెండొందల దగ్గర, ఇంకోటి ఇరవై చిల్లర. సూత్రం చెప్పే నిష్పత్తి 9. ఇరవై చిన్న సంఖ్య కాబట్టి నిష్పత్తి ఒకసారి 7, ఒకసారి 11 అని ఊగుతుంది, ఒక పది సార్లు నడిపి రెండు సంఖ్యల్నీ విడిగా కూడి అప్పుడు భాగించండి, 9 దగ్గర కుదురుతుంది.

ఇప్పుడు 1913 పట్టిక, బంగారానిది. 60 డిగ్రీల దగ్గర గైగర్, మార్స్‌డెన్ లెక్క 477. 120 డిగ్రీల దగ్గర 51.9. భాగించండి. 9.2! చీకట్లో కంటితో మెరుపులు ఎంచిన మనుషుల లెక్క ఇది. నేను ఎప్పుడు చూసినా ఇక్కడ కాసేపు ఆగుతాను.

మరి దీని నుంచి కేంద్రకం సైజు ఎలా వచ్చింది? మనం వాడిన సూత్రం, ఆవేశమంతా ఒక బిందువు దగ్గర ఉందని అనుకుని రాసింది. 150 డిగ్రీల దాకా కొలతలు ఆ సూత్రాన్ని వదల్లేదు. 150 డిగ్రీలు తిరిగిన కణం కేంద్రకానికి దాదాపు 30 ఫెమ్టోమీటర్ల దగ్గరికి వెళ్ళి వచ్చినట్టు. ఆవేశం అంతకంటే బాగా వెడల్పుగా పరుచుకుని ఉంటే, కణం లోపలికి వెళ్ళేకొద్దీ తోపుడు తగ్గిపోయి, అంత గట్టిగా వెనక్కి తిప్పలేకపోయేది. కాబట్టి ఆవేశం 30 ఫెమ్టోమీటర్ల లోపలే ఉంది. బంగారు పరమాణువు వ్యాసార్థం దాదాపు 1,40,000 ఫెమ్టోమీటర్లు, అంటే నాలుగు వేల వంతు కంటే చిన్న చోట ఆవేశమంతా, దాదాపు ద్రవ్యరాశి అంతా ఉన్నట్టు.

కానీ జాగ్రత్త, ఇది పై హద్దు మాత్రమే. కేంద్రకం ఇంతకంటే పెద్దది కాదు అని మాత్రమే ఈ ప్రయోగం చెప్పింది. బంగారు కేంద్రకం అసలు వ్యాసార్థం 7 ఫెమ్టోమీటర్ల దగ్గర ఉంటుందని తర్వాత తెలిసింది. ఇంకో సంగతి, ఈ సూత్రంలో ఆవేశం వర్గం రూపంలో వస్తుంది కాబట్టి మధ్యలో ఉన్నది ధనమా ఋణమా అని కోణాల లెక్క చెప్పలేదు. 1911 పేపర్‌లో రూథర్‌ఫర్డ్ దాన్ని తేల్చకుండానే వదిలాడు.

చివరగా పైన Z ని 13 చేయండి, అల్యూమినియం. d చూడండి, 4.9కి పడిపోయింది. అల్యూమినియం కేంద్రకం, ఆల్ఫా కణం రెండూ ఒకదానికొకటి తగిలే దూరం దాదాపు అంతే! అంటే ఇక్కడ బలమైన కేంద్రక బలం కూడా రంగంలోకి వస్తుంది, మన సూత్రం పెద్ద కోణాల దగ్గర తప్పుతుంది. 1920లలో కేంబ్రిడ్జిలో అల్యూమినియం, మెగ్నీషియం మీద సరిగ్గా ఆ తేడాయే కనిపించింది. బంగారంతో అదే తేడా చూడాలంటే E ని సుమారు 25 దాటించాలి. E మార్చి d ఎంత వస్తుందో చూసి, కింద కామెంట్లో రాయండి.