బిల్లు కోసం ఇచ్చిన నంబరు యాడ్‌కు వాడొచ్చా?

హోస్ట్: అక్కా, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చీరల షాపు అనుకుందాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4,000 ఫోన్ నంబర్లున్నాయి. దసరాకు వాళ్లకే ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ చూపించాలి. మొత్తం ఎక్కించేస్తే పోలా?

అతిథి: ఆగబ్బాయ్. వాళ్లు నంబరు ఎందుకిచ్చారు? బిల్లు కోసం, లేదంటే బ్లౌజు కుట్టడం అయ్యాక ఫోన్ చేస్తారని. యాడ్ మాట ఎవరూ ఎత్తలేదు కదా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అదే డీపీడీపీ, దాని ప్రకారం ఏ పనికని అడిగామో ఆ పనికే వాడాలి.

హోస్ట్: అది పూర్తిగా అమల్లోకి రాలేదంటారే?

అతిథి: 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి, అనుమతి భాగానికి 18 నెలల గడువిచ్చారు. అయినా ఫైలు ఎక్కించేటప్పుడే, ఈ డేటా వాడే హక్కు మాకుందని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ షరతులకు ఒప్పుకుంటాం. చదవకుండా నొక్కేస్తాం, అంతే.

హోస్ట్: నంబర్లు హ్యాష్ అయ్యే వెళ్తాయి కదా?

అతిథి: వెళ్తాయి. బ్రౌజర్‌లోనే SHA-256 పద్ధతిలో కోడ్‌గా మారతాయి. మెటా తన దగ్గరున్న నంబర్లనూ అలాగే మార్చి పోల్చుకుంటుంది, కలిసినవాళ్లే ఆడియన్స్ అవుతారు. అంటే ఫలానా మనిషి మీ కస్టమరని మెటాకు తెలిసినట్టే. హ్యాష్ దారిలో దొంగతనం కాకుండా కాపాడుతుంది గానీ, అనుమతికి బదులు కాదు.

హోస్ట్: మరి షాపాయన ఏం చేయాలి?

అతిథి: కౌంటర్ దగ్గర తెలుగులో విడిగా ఒక ప్రశ్న పెట్టాలి. 'మా యాడ్స్ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో మీకు చూపించడానికి ఈ నంబరు వాడుకోవచ్చా?' అని. ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. లక్కీ డ్రా కూపన్‌కు ముడిపెట్టినా అది ఇష్టపూర్వకం కాదు. సరేనన్నవాళ్ల తేదీ రాసుకోవాలి. 600 మందే మిగిలారనుకో, పర్లేదు. కలిసినవాళ్లు మరీ తక్కువ కాకపోతే యాడ్ నడుస్తుంది.

హోస్ట్: 600 ఎక్కిస్తే దాదాపు ఎవరూ కలవకపోతే?

అతిథి: ముందు ఫైలు తెరిచి చూడు. ముందర 91 చేర్చగానే నంబరు 12 అంకెలవుతుంది, ఎక్సెల్ దాన్ని 9.19E+11 అని చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే అసలు అంకెలు పోతాయి. ఆ కాలమ్‌ను మొదటే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

హోస్ట్: తర్వాత కావలి నుంచి ఒకావిడ ఫోన్ చేసి 'నాకొద్దు' అంటే?

అతిథి: షాపు లిస్టులో కొట్టేస్తే చాలదు, ఎక్కించిన ఆడియన్స్ దానంతటది మారదు. ఆ నంబరుతో చిన్న ఫైలు చేసి, ఆడియన్స్‌ను ఎడిట్ చేసే చోట తీసేసే ఆప్షన్‌తో ఎక్కించాలి. యాడ్స్ పని చూసే కుర్రాడికి వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ ఉంటుంది చూడు, అందులోంచీ తీయించాలి. లేకపోతే సంక్రాంతికి అతను ఆ పాత ఫైలే మళ్లీ ఎక్కిస్తాడు.